వరద కవరు తీసేస్తామంటే ఏం రాయాలి?

గోదాముకు అగ్ని బీమా ఉన్న వ్యాపారి రెన్యువల్ కొటేషన్ రాగానే చూసేది ప్రీమియం అంకె. నిరుటికన్నా ఎంత పెరిగింది, గట్టిగా అడిగితే ఎంత తగ్గిస్తారు అన్నదే లెక్క. షరతుల పేజీ దాకా ఎవరూ వెళ్లరు. ఆ పేజీలో ఈసారి కొత్తగా ఒక్క వాక్యం చేరింది: ‘ఎస్‌టీఎఫ్‌ఐ ప్రమాదాలు మినహాయించబడ్డాయి’. ప్రీమియం పెద్దగా మారలేదు కాబట్టి ఎవరూ అనుమానపడరు. మరుసటి వానాకాలం నీళ్లు లోపలికి వచ్చినప్పుడు ఆ వాక్యం బయటపడుతుంది.

పేరు అగ్ని బీమాయే అయినా, వ్యాపారులు ఎక్కువగా తీసుకునే స్టాండర్డ్ ఫైర్ అండ్ స్పెషల్ పెరిల్స్ పాలసీలో మంటలతో పాటు పిడుగు, పేలుడు, అల్లర్లు, తుపాను, వరద కూడా ఉంటాయి. తుపాను, గాలివాన, వరద, ముంపు కలిసి ఒకే గుంపు. స్టార్మ్, టెంపెస్ట్, ఫ్లడ్, ఇనండేషన్ అనే మాటల మొదటి అక్షరాలే ఎస్‌టీఎఫ్‌ఐ. తీస్తే నాలుగూ కలిపి తీయడం పాత అలవాటు. కాబట్టి కంపెనీ భయపడింది వరదకే అయినా, ఆ ఒక్క వాక్యంతో తుపాను కవరు కూడా పోతుంది. కోస్తాలో గోదాము ఉన్నవాళ్లకు పైకప్పు రేకులు లేచిపోవడం వరదకన్నా ఎక్కువసార్లు జరిగే నష్టం. జవాబు రాసేటప్పుడు మొదట పట్టుకోవలసిన కొస ఇదే.

ఒక ఉదాహరణ కట్టుకుందాం. గోదాము ఊహించినది, వరద మాత్రం నిజం. 2024 సెప్టెంబరు 1న బుడమేరుకు గండ్లు పడి విజయవాడ ఉత్తర భాగం రోజుల తరబడి నీళ్లలో ఉంది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి వదిలారు. సింగ్‌నగర్ దాటాక నున్న వైపు ఒక హోల్‌సేల్ వ్యాపారికి ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు, ఫ్యాన్లు నిలవ చేసే గోదాము ఉందనుకోండి. సరుకు విలువ రూ.46 కోట్లు, భవనం రూ.9 కోట్లు. పాలసీ మే 31 అర్ధరాత్రితో ముగుస్తుంది. మే 2న వచ్చిన కొటేషన్‌లో ఆ కొత్త వాక్యం ఉంది.

రాయబోయే ముందు ఒక విషయం చూసుకోవాలి. ఒకే చోట ఉన్న ఆస్తి మొత్తం విలువ రూ.50 కోట్లు దాటని చిన్న వ్యాపారాల కోసం 2021 ఏప్రిల్ 1 నుంచి ఐఆర్‌డీఏఐ రెండు ప్రామాణిక పాలసీలు తెచ్చింది. రూ.5 కోట్ల దాకా భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష, ఆపైన రూ.50 కోట్ల దాకా భారత్ లఘు ఉద్యమ్ సురక్ష. వీటిలో వరద, తుపాను మూల పాలసీలోనే ఉంటాయి. మీ విలువ ఆ పరిధిలో ఉంటే, వరద లేని పాలసీ ఎందుకిస్తున్నారు, ఈ ప్రామాణిక పాలసీ ఎందుకివ్వడం లేదు అన్నదే మీ మొదటి ప్రశ్న. మన ఉదాహరణలో మొత్తం రూ.55 కోట్లు కాబట్టి ఆ దారి లేదు. బేరమాడాల్సిందే.

కోర్టు సంగతి చాలామంది ఎత్తుతారు. రెన్యువల్‌లో షరతులు మార్చినప్పుడు ఆ మార్పును పాలసీదారుకు చెప్పే బాధ్యత కంపెనీదేనని 2021 డిసెంబరులో ఒక ఆరోగ్య బీమా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2022 నవంబరులో మరో కేసు వచ్చింది. బేస్‌మెంట్‌లో ఉన్న దుకాణానికే అగ్ని బీమా అమ్మి, బేస్‌మెంట్ మినహాయింపు చూపించి క్లెయిమ్ ఎగ్గొట్టబోయిన కంపెనీని కోర్టు తప్పుపట్టింది. రెండూ మంచి తీర్పులే. అయితే అవి దాచిన షరతుల గురించి. ఇక్కడ కంపెనీ కొటేషన్‌లోనే రాసి పంపింది. చూసి, ప్రీమియం కట్టి, తర్వాత తెలియదంటే వాదన నిలబడటం కష్టం. అడగాల్సింది కట్టకముందే.

ఇక ఉత్తరం. ఇలాంటివి మామూలుగా ఇంగ్లీషులోనే, బ్రోకరు ఉంటే బ్రోకరు ద్వారానే వెళ్తాయి. అందులోని సరుకును ఇక్కడ తెలుగులో పెడుతున్నాను. మొదటి పేరా ఇలా ఉంటే చాలు:

‘మే 2న మీరు పంపిన రెన్యువల్ కొటేషన్‌లో ఎస్‌టీఎఫ్‌ఐ మినహాయింపు కొత్తగా చేరింది. ముగుస్తున్న పాలసీలో ఇది లేదు. దీన్ని తొలగించి పాత షరతులతోనే రెన్యువల్ చేయవలసిందిగా కోరుతున్నాం. ఈ చోటు తనిఖీ చేసి పెట్టారా, ప్రాంతం మొత్తానికి పెట్టారా, రీఇన్సూరెన్స్ వాళ్ల షరతా అన్నది తెలియజేయగలరు. కవరు తగ్గించినందుకు ప్రీమియంలో ఎంత తగ్గించారో విడిగా చూపించగలరు.’

చివరి రెండు ప్రశ్నలూ మర్యాద కోసం పెట్టినవి కావు. బీమా కంపెనీ కూడా తన నష్టభయాన్ని వేరే కంపెనీల మీదికి కొంత మళ్లిస్తుంది. అదే రీఇన్సూరెన్స్. మన దేశంలో ప్రధానంగా జీఐసీ రీ ఆ పని చేస్తుంది. మినహాయింపు అక్కడినుంచి వచ్చిందంటే బ్రాంచి మేనేజరుతో ఎంత మంచిగా మాట్లాడినా లాభం లేదు, తీసే అధికారం ఆయనకు లేదు. మీ కాగితాలు పైదాకా వెళ్లేలా రాయాలి. ఒక పిన్‌కోడ్ మొత్తం మీద ఎక్కువ విలువ పోగుపడిందని పెట్టారంటే మీ గోదామును వాళ్లు చూడనే లేదని అర్థం. అప్పుడు చూపిస్తే మారే అవకాశం ఎక్కువ. ప్రీమియం ప్రశ్నకు వచ్చే జవాబు కూడా పనికొస్తుంది. మొత్తం వరద, తుపాను కవరు తీసేసి తగ్గించింది నామమాత్రమైతే, ఆ ప్రమాదాన్ని వాళ్లే అంత చిన్నదిగా లెక్కగట్టారన్నమాట. మరి తీయడం దేనికి అని అడగొచ్చు.

రెండో పేరా నష్టాల చరిత్ర. ఎక్కువ ఉత్తరాలు ఇక్కడే బలహీనపడతాయి. ‘మేము పదేళ్లుగా మీ కస్టమర్లం, ఒక్క క్లెయిమ్ కూడా చేయలేదు’ అని రాసి అక్కడితో ఆపేస్తారు. అండర్‌రైటరు, అంటే ఏ షరతు మీద బీమా ఇవ్వాలో నిర్ణయించే అధికారి, దీన్ని చదివి పక్కన పెడతాడు. ఆయన వైపునుంచి చూస్తే అది సబబే. అగ్ని ప్రమాదాలకు, దొంగతనాలకు క్లెయిమ్ లేని పదేళ్లు ఎంతో కొంత చెబుతాయి. వరద ముప్ఫై ఏళ్లకో యాభై ఏళ్లకో ఒకసారి వచ్చేది. రాని పదేళ్లు నిరూపించేది ఏమీ లేదు. వచ్చిన రోజు ఏం జరిగిందన్నదే సాక్ష్యం. మన గోదాముకు ఆ రోజు వచ్చి వెళ్లింది. కాబట్టి పదేళ్ల సంగతి ఒక వాక్యంలో ముగించి, ఆ వారం గురించి విడమరిచి రాయాలి:

‘గత ఏడేళ్లలో ఈ చోటు నుంచి ఏ క్లెయిమూ లేదు. మొదటి నాలుగేళ్లు వేరే కంపెనీ, తర్వాత మూడేళ్లు మీరు. పాత కంపెనీ ఇచ్చిన క్లెయిమ్ అనుభవ పత్రం జత చేశాం. 2024 సెప్టెంబరు మొదటి వారంలో మా గేటు ముందు రోడ్డు మీద నీళ్లు 3 అడుగుల 2 అంగుళాల దాకా వచ్చాయి. గోదాము ఫ్లోరు రోడ్డుకన్నా 4 అడుగుల ఎత్తు. నీళ్లు ఫ్లోరుకు 10 అంగుళాల కిందే ఆగాయి. సరుకు ఏదీ తడవలేదు. బయట నేల మీద ఉన్న జనరేటరు, కాపలా గది మాత్రం మునిగాయి. బాగుచేయడానికి రూ.1,80,000 ఖర్చయింది. క్లెయిమ్ చేయకుండా మేమే భరించాం.’

చివరి మూడు వాక్యాలు తీసేద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. తీయకూడదు. క్లెయిమ్ లేకపోవడం వేరు, నష్టం లేకపోవడం వేరు. ప్రమాదం గురించి తెలిసింది దాచకుండా చెప్పాలన్నది బీమా ఒప్పందానికి పునాది. రేపు పెద్ద క్లెయిమ్ వచ్చినప్పుడు పాత జనరేటరు రిపేరు బిల్లు లెక్కల పుస్తకాల్లో సర్వేయరు కంటపడితే, రూ.1,80,000 దాచినందుకు కోట్ల క్లెయిమ్ వివాదంలో పడుతుంది. పైగా ఆ జనరేటరే మీ వాదనకు సాయం. ఏది మునుగుతుందో మీకు తెలుసని, దాని సంగతి చూశారని తర్వాతి పేరాలో చెప్పబోతున్నారు.

‘10 అంగుళాల కిందే’ అన్న మాటకు రుజువు కావాలి. గేటు స్తంభం మీద, పక్కింటి గోడ మీద నీటి మరక వెల్ల వేసేదాకా ఉంటుంది. టేపు ఆనించి తీసిన ఫొటో, ఆ రోజుల్లో ఫోనులో తీసిన వీడియో, డాక్ దగ్గరి సీసీ కెమెరా ఫుటేజి, ఏది ఉంటే అది జత చేయాలి. ఒక చిక్కుంది. రోడ్డునుంచి కొలిచిన ఎత్తు నిలకడగా ఉండదు. వరద తర్వాత రోడ్డు మీద ఇంకో పొర వేస్తే మీ 4 అడుగుల ఫ్లోరు మూడున్నర అడుగులైపోతుంది, మీరు ఏం మార్చకుండానే. అందుకే సివిల్ సర్వేయరును పిలిచి, లెవెల్ యంత్రంతో నీటి మరకను, ఫ్లోరును రెండింటినీ సముద్ర మట్టం నుంచి ఎత్తుగా రాయించుకోవాలి. ఒక పేజీ నివేదిక, సంతకం, స్కెచ్. మొత్తం ఫైలులో అండర్‌రైటరు నమ్మే కాగితం ఇదే.

ఇప్పుడు ఆయన అడగబోయే ప్రశ్న మీకు తెలుసు. ఈసారి 10 అంగుళాలు మిగిలింది, వచ్చేసారి నీరు ఒక అడుగు ఎక్కువ వస్తే? నిజమే, 10 అంగుళాలు పెద్ద దూరం కాదు. మూడో పేరా ఆ ప్రశ్నకే జవాబు చెప్పాలి. కొత్త అగ్నిమాపక సిలిండర్లు కొన్నాం, సెక్యూరిటీ గార్డులను పెంచాం అని జాబితా పొడిగిస్తే వరద మాటను దాటేసినట్టే కనిపిస్తుంది. కంపెనీ తీసేస్తానన్న ప్రమాదం ఏదో, దాని దారిని అడ్డుకునే మార్పులే రాయాలి.

మన వ్యాపారి వరద తర్వాత చేసిన పనుల్లో అన్నిటికన్నా బరువైనది అందరికన్నా సాదాగా కనిపించేది. ర్యాకుల్లో అడుగు వరుసను ఫ్లోరు నుంచి 18 అంగుళాలు పైకి జరిపాడు. అంతకు ముందు కింది వరుస ప్యాలెట్లు నేల మీదే ఉండేవి. ఇప్పుడు నీరు 2024 మరకకన్నా 28 అంగుళాలు పైకి వస్తే తప్ప సరుకు తడవదు. 10కి 18 కలిపితే వచ్చే ఆ అంకెను ఉత్తరంలో విడిగా, ఒక వాక్యంగా రాయాలి. అండర్‌రైటరు తన పై అధికారికి పంపే నోటులో ఎత్తి రాసుకునేది ఆ వాక్యమే.

జనరేటరును, కరెంటు ప్యానెల్ బోర్డును 5 అడుగుల కాంక్రీటు దిమ్మె మీదికి ఎక్కించడం రెండో పని. పంపులు ఆడాలంటే కరెంటు ఉండాలి, వరద రోజు ముందు పోయేది కరెంటే. మూడోది చాలామందికి తట్టనిది. నీరు తలుపులోంచే రావాలని లేదు. డ్రైనేజీ పైపుల్లో వెనక్కి తన్ని బాత్‌రూము గుండా లోపలికి వస్తుంది. ఆ లైనుకు నీటిని ఒక వైపే పోనిచ్చే వాల్వు పెట్టించాడు. డాక్ తలుపులకు బిగించే 2 అడుగుల అల్యూమినియం పలకలు కూడా కొన్నాడు. ప్రతి పనికీ బిల్లు, పూర్తయిన తేదీ, ముందు ఒక ఫొటో, తర్వాత ఒక ఫొటో. పలకలకైతే బిగించి నీళ్లు కొట్టి చూసిన రోజు ఫొటో కూడా కావాలి. కొని మూలన పడేసిన పలకలను తనిఖీకి వచ్చిన ఇంజినీరు ఇట్టే పట్టేస్తాడు. రబ్బరు అంచు మీద ప్యాకింగ్ టేపు ఇంకా అలాగే ఉంటుంది.

బుడమేరు కట్టలను ప్రభుత్వం బలపరుస్తుందన్న మాట రాయాలా? రాయొచ్చు గాని దాని మీద వాదన నిలపకూడదు. అది మీ చేతిలోది కాదు, తేదీ మీరు చెప్పలేరు.

ఈ పేరాలో క్రియల విషయంలో జాగ్రత్త పడాలి. ‘చేశాం’ అన్నది జరిగినది. ‘ఎల్లప్పుడూ సరుకు 18 అంగుళాల పైనే ఉంచుతాం’ అన్నది హామీ. కంపెనీ దాన్ని తీసుకెళ్లి పాలసీలో వారంటీగా అచ్చు వేయవచ్చు. దీపావళి ముందు సరుకు దిగి, రెండు రోజులు డాక్ దగ్గర నేల మీద పెట్టినప్పుడే నీరు వస్తే, హామీ తప్పావని క్లెయిమ్ ఆపుతారు. మినహాయింపు ముందు తలుపు గుండా పోయి వెనక తలుపు గుండా వచ్చినట్టవుతుంది. నిజంగా నిలబెట్టుకోగలిగిందే రాయాలి: ‘ర్యాకుల్లో నిలవ చేసే సరుకు కింది వరుస 18 అంగుళాల ఎత్తులో ఉంది. దిగుమతి, ఎగుమతి సమయంలో డాక్ దగ్గర తాత్కాలికంగా ఉంచే సరుకుకు ఇది వర్తించదు.’

నాలుగో పేరా బేరం. పూర్తిగా తీసేయమని అడగడంతో పాటు, అది కుదరకపోతే ఏది ఒప్పుకుంటారో కూడా రాయాలా అన్నదాని మీద బ్రోకర్లలో రెండు అభిప్రాయాలున్నాయి. మొదటే రాస్తే బేరం అక్కడినుంచే మొదలవుతుందని కొందరంటారు. గడువు నాలుగు వారాలే ఉన్నప్పుడు రాయడమే మంచిదని నాకనిపిస్తుంది. వద్దు అనడం తప్ప మరో దారి చూపించని ఉత్తరానికి వద్దు అనడం సులువు.

మొదటి మెట్టు తుపానును వరద నుంచి విడదీయడం. మీ భయం బుడమేరు నీళ్లే అయితే గాలివాన కవరు ఎందుకు తీస్తున్నారు అని అడిగితే కంపెనీ దగ్గర గట్టి జవాబు ఉండదు. ఇది దాదాపు ఉచితంగా గెలవగలిగే మెట్టు.

రెండో మెట్టు వరదకు పరిమితి. ఇక్కడ ఒక లెక్క వ్యాపారికి బాగా ఉపయోగపడుతుంది. మంటలు వస్తే రూ.55 కోట్లూ పోవచ్చు. వరద అలా చేయదు. ర్యాకులు నాలుగు వరుసలు. కింది వరుసలో ఎప్పుడూ రూ.11 కోట్లకు మించి సరుకు ఉండదని స్టాకు రిజిస్టరు చెబుతుంది. రెండో వరుస తడవాలంటే నీరు ఫ్లోరు మీద ఆరేడు అడుగులు నిలవాలి. భవనానికి తగిలే దెబ్బ, బురద తీసే ఖర్చు కలుపుకున్నా రూ.15 కోట్లు సరిపోతుంది. కాబట్టి ‘వరద నష్టానికి గరిష్ఠ పరిమితి రూ.15 కోట్లు’ అని మీరే ప్రతిపాదించవచ్చు. కంపెనీ మీద భారం రూ.55 కోట్ల నుంచి 15 కోట్లకు దిగుతుంది. మీరు వదులుకున్నది ఎటూ జరగని నష్టం మీది కవరు. ఒక్క మాట మాత్రం తోడుగా రాయించుకోవాలి. ఆస్తిని తక్కువ విలువకు బీమా చేశారా లేదా అన్నది మొత్తం రూ.55 కోట్లతో పోల్చి చూడాలి, ఈ రూ.15 కోట్లతో కాదు. లేకపోతే నష్టంలో నాలుగో వంతుకు అటూఇటుగా మాత్రమే చేతికొస్తుంది.

మూడో మెట్టు మీ వాటా. ప్రకృతి వైపరీత్యాల క్లెయిముల్లో కొంత శాతం పాలసీదారే భరించడం ఈ పాలసీల్లో మామూలే. వరద వరకు మీ వాటా కనీసం రూ.10 లక్షలకు పెంచుతామంటే, జనరేటరు మునిగిన స్థాయి చిన్న క్లెయిములు తనదాకా రావని కంపెనీకి ధైర్యం. మీరు నిరుడు రూ.1,80,000 సొంతంగా పెట్టుకున్న సంగతి ఇక్కడ మళ్లీ మాట సాయం చేస్తుంది.

ఉత్తరం చివర తేదీలు. తనిఖీకి ఇంజినీరును మే 15 లోపు పంపండి, నిర్ణయం మే 22 లోపు చెప్పండి అని రాయాలి. ఎందుకంటే బీమా చట్టంలోని 64వీబీ సెక్షన్ ప్రకారం ప్రీమియం ముందుగా అందందే కంపెనీ మీద బాధ్యత మొదలవదు. చర్చలు జరుగుతున్నాయి కదా అని జూన్ 1 ఉదయం పాలసీ లేకుండా కూర్చుంటే వరదకే కాదు, మంటలకూ దిక్కుండదు. బ్యాంకు అప్పు ఉంటే ఇంకో తలనొప్పి. తాకట్టు పెట్టిన సరుకుకు వరద సహా బీమా ఉండాలని రుణ ఒప్పందాల్లో తరచూ రాసి ఉంటుంది. మే 22కి జవాబు రాకపోతే పాత షరతుల మీద నెల రోజులు పొడిగించమని అడగాలి. అదీ కాదంటే మినహాయింపుతోనే ప్రీమియం కట్టి, ‘తనిఖీ తర్వాత మినహాయింపు తొలగింపును పరిశీలిస్తామని మీరన్నట్టు నమోదు చేస్తున్నాం’ అని అదే రోజు మెయిల్ పెట్టాలి. అది కవరు కాదు, చర్చ ముగియలేదన్న గుర్తు మాత్రమే.

ఈలోగా వేరే కంపెనీలను అడగడంలో తప్పేమీ లేదు. అయితే చాలా ప్రపోజల్ ఫారాల్లో ఒక ప్రశ్న ఉంటుంది: ఇంతకు ముందు ఏ కంపెనీ అయినా బీమా నిరాకరించిందా, ప్రత్యేక షరతులు పెట్టిందా? మే 2 నాటి కొటేషన్ ఆ ప్రశ్నకు జవాబులోకి వస్తుంది. దాన్ని చెప్పి, పక్కనే లెవెల్ నివేదిక పెట్టడం మేలు.

మన ఉదాహరణలో కంపెనీ తనిఖీ చేసి, తుపానును పూర్తిగా వెనక్కి ఇచ్చి, వరదను రూ.15 కోట్ల పరిమితికి, రూ.10 లక్షల కనీస వాటాకు ఒప్పుకుందనుకుందాం. ఇలాంటి బేరాలు తేలితే ఈ మధ్య ఎక్కడో తేలుతాయి, పాత షరతులు యథాతథంగా తిరిగి రావడం అరుదు. ‘సరే, తీసేశాం’ అని బ్రాంచి నుంచి వాట్సాప్ వస్తుంది. ప్రీమియం కట్టాక పాలసీ పీడీఎఫ్ వస్తుంది. అందులో మొదటి పేజీ కాకుండా షెడ్యూలు, దాని వెనక క్లాజుల జాబితా తెరవాలి. కంపెనీ కంప్యూటర్‌లో కొటేషన్ దశలో టిక్ పెట్టిన మినహాయింపు ఎవరూ తీయకపోతే పాలసీలోకి అలాగే అచ్చయి వస్తుంది. పై పేజీలో వరద పరిమితి రూ.15 కోట్లు అని, వెనక పేజీలో ఎస్‌టీఎఫ్‌ఐ మినహాయింపు అని రెండూ కనిపిస్తే, పాలసీ నంబరు, ఆ క్లాజు వాక్యం పేర్కొంటూ ఆ రోజే మెయిల్ పెట్టి, పాలసీ మొదలైన తేదీ నుంచే అమలయ్యేలా ఎండార్స్‌మెంట్ రాయించుకోవాలి. వాట్సాప్ మాట చూపించి తర్వాత వాదించవచ్చు గాని, సర్వేయరు తన నివేదికలో ఎత్తి రాసేది క్లాజుల జాబితాలో ఉన్నదే.